కాశీలో సత్రం పేరు కాదు, ఇంటి నంబరు అడగండి

కార్తికం దగ్గర పడుతోందంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "కాశీలో మన తెలుగువాళ్ల సత్రం నంబరు ఎవరి దగ్గరైనా ఉందా?" ఈసారీ వచ్చింది. గంట తిరక్కుండానే జవాబులూ వచ్చాయి. ఒకరు ఆంధ్రాశ్రమం అన్నారు. ఇంకొకరు "పేరులో తారక అని ఉంటుంది, అదే మంచిది" అన్నారు. మరొకరు అన్నపూర్ణ పేరుతో ఉన్న సత్రం చెప్పారు. ఒకే పేరు కింద ఇద్దరు రెండు వేర్వేరు నంబర్లు పంపారు. అవి రెండూ ఒకే చోటివా, కాదా అని ఎవరూ అడగలేదు. ఆ సత్రం ఏ ఘాటు దగ్గర ఉందో ఒక్కరూ రాయలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. సత్రాల గురించి మనం మాట్లాడుకునే పద్ధతే అలాంటిది. పేరు చెబితే చాలనుకుంటాం. కాశీ విషయంలో మాత్రం అది చాలదని నా గట్టి అభిప్రాయం. అక్కడ పేరు చివరన సరిచూసుకోవలసిన వివరం. మొదట పట్టుకోవలసినవి ఆ కట్టడం ఇంటి నంబరు, అది ఏ ఘాటుకు దగ్గర, మన డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది అన్న మూడు సంగతులు.

పేర్లు ఎందుకు కలుస్తాయి

పేర్లు దగ్గరగా ఉన్నాయంటే మోసమేనని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. కాశీలో సత్రం కట్టించేవారికి పేరు పెట్టుకోవడానికి ఉన్న మాటలే కొద్ది. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, గంగ ఉన్నారు. కాశీలో ప్రాణం విడిచినవారి చెవిలో శివుడు తారక మంత్రం చెబుతాడన్న నమ్మకం వల్ల తారక అన్న మాట ఉంది. వీటికి ముందో వెనకో ఆంధ్ర అనో తెలుగు అనో చేరుతుంది, లేదా ఒక కులం పేరో కులదేవత పేరో చేరుతుంది. చివరన ఆశ్రమం, సత్రం, నిత్యాన్నదాన సత్రం, సేవా సమితి, వీటిలో ఏదో ఒకటి. ఇన్ని సంస్థలు ఇంత చిన్న బుట్టలోంచే పూలు ఏరుకుంటే దండలన్నీ ఒకేలా కనిపించక ఏమవుతాయి?

దీనికి తోడు ట్రస్టు పేరుకు కాపలా కాసేవారు లేరు. కంపెనీ పెట్టాలంటే ఆ పేరు మరొకరికి ఉందో లేదో దేశమంతటా చూసి ఆమోదం ఇస్తారు. ధర్మసంస్థ ట్రస్టు దస్తావేజును సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేసేటప్పుడు అలాంటి దేశవ్యాప్త పరిశీలన జరగదు. హైదరాబాదులో ఒకరు, గుంటూరులో ఒకరు, వారణాసిలోనే మరొకరు ఇంచుమించు ఒకే పేరుతో ట్రస్టులు పెట్టుకున్నా, ముగ్గురివీ చట్టప్రకారం సరైన ట్రస్టులే కావచ్చు. కమిటీలో విభేదాలు వచ్చి ఒక వర్గం విడిపోయి, పాత పేరుకు ఒక మాట తగిలించి మరో కట్టడం కట్టుకోవడం కూడా సత్రాల లోకంలో వింత కాదు. అప్పుడు రెండు వైపులవారూ తమదే అసలుదని చెబుతారు. యాత్రికుడికి ఆ తగవుతో పని లేదు.

ఇంకో రకం కలయిక ఉంది. అది ఒకే సంస్థకు అనేక ఊళ్లలో శాఖలు ఉండడం. కరివేన సత్రం అనగానే మనలో చాలామందికి శ్రీశైలం గుర్తొస్తుంది. అదే సంస్థకు కాశీలోనూ ఉంది, మహానందిలోనూ ఉంది. ఎవరైనా "కరివేన వాళ్ల నంబరు" అని పంపితే అది ఏ ఊరి నంబరో దానంతట అది చెప్పదు. ఫోను ఎత్తినవారు "ఏ తేదీకి, ఎంతమంది?" అని అడుగుతారు, ఇవతలివారు చెబుతారు. ఏ ఊరు అన్నది రెండు వైపులా తెలిసిందే అనుకుని వదిలేస్తారు.

కాబట్టి "ఏది అసలు సత్రం?" అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఉండదు. అన్నీ అసలువే. మనం అడగవలసింది "మన పేరు ఎవరి రిజిస్టరులో రాసి ఉంది? ఆ రిజిస్టరు ఏ వీధిలో ఉంది?" అని.

ఎవరూ మోసం చేయకుండానే

మా మేనత్తగారి కుటుంబం కాశీ వెళ్లినప్పుడు జరిగింది చెబుతాను. మొత్తం ఐదుగురు. తెలిసినవారి ద్వారా ఒక సత్రానికి ఫోను చేసి రెండు గదులు చెప్పించుకున్నారు. మామయ్యగారు తమ తల్లిదండ్రులకు పిండప్రదానం చేయాలనుకున్నారు. దానికి పురోహితుడిని కూడా ఆ సత్రంవారే మాట్లాడి పెట్టారు. తెల్లవారుజామున రైలు దిగి ఆటో ఎక్కి, ఎక్కడికని అడిగితే సత్రం పేరులోని మొదటి రెండు మాటలు చెప్పారు. ఆటో అబ్బాయి తనకు తెలుసన్నాడు. కేదార్ ఘాట్ వైపు సందులకు దగ్గరి పేట అయిన సోనార్‌పురాలో దింపి, సామాను మోసే మనిషిని పిలిచి, ఫలానా చోటికి తీసుకెళ్లమని చెప్పి వెళ్లిపోయాడు.

సందులో నడిచి వెళ్లాక తెలుగు బోర్డు కనిపించింది. మొదటి రెండు మాటలూ అవే. చివరి మాట ఒక్కటే తేడా. రాత్రంతా నిద్ర లేని ప్రయాణం తర్వాత ఆ తేడా ఎవరికి కనిపిస్తుంది? లోపల గుమస్తా రిజిస్టరు చూసి మీ పేరు లేదన్నాడు. "ఫోనులో చెప్పామండీ" అన్నారు మామయ్యగారు. "రాయడం మరిచారేమో, గదులు ఖాళీగానే ఉన్నాయి, తీసుకోండి" అన్నాడు ఆయన. ఆధార్ కార్డులు చూపించి, డబ్బు కట్టి, రసీదు తీసుకుని మేడ మీదికి వెళ్లారు. స్నానాలు చేసి దర్శనానికి బయలుదేరారు. విశ్వనాథుని ఆలయంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కదా, వాటిని బయట లాకరులో పెట్టారు.

వాళ్లు వరుసలో ఉన్నంతసేపూ మొదటి సత్రంవారు ఫోను చేస్తూనే ఉన్నారు. రెండు గదులు తాళం వేసి ఉంచారు. ఐదుగురికి భోజనం లెక్కలో కలిపారు. పురోహితుడు వచ్చి కూర్చుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఫోను చేతికి వచ్చాక మేనత్తగారు తిరిగి పలకరిస్తే, అటువైపు మేనేజరుగారు కోప్పడలేదు. "అమ్మా, పొద్దున్నే చంటిబిడ్డతో ఒక జంట వచ్చింది. మీరు వస్తారని వాళ్లకు గది లేదని పంపించేశాను" అన్నారు. మా అత్తయ్య ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటారు.

అందులో ఎవరూ ఎవరినీ మోసగించలేదు. ఆటో అబ్బాయి తనకు తెలిసిన చోటికే తీసుకెళ్లాడు. రెండో సత్రంవారు ఖాళీ గది ఇచ్చి మంచే చేశారు. అయినా ఒక కుటుంబానికి గది పోయింది, ఒక పురోహితుడికి పూట పోయింది, అన్నదానం లెక్కలో ఐదు భోజనాలు మిగిలాయి. నకిలీ వెబ్‌సైట్ల గురించి మనం చేసే హెచ్చరికలేవీ దీన్ని ఆపలేవు. ఆపగలిగేది ఆటో ఎక్కేముందు చేతిలో ఉండవలసిన ఒక్క వివరం.

ఇంటి నంబరు ఏం చెబుతుంది

ఆ వివరం ఇంటి నంబరు. వారణాసి పాత నగరంలో ఇంటి నంబర్లకు ఒక పద్ధతి ఉంది. మొదట ఒకటో రెండో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, ఆ తర్వాత ఒక అంకె, గీత, మరో అంకె. అక్షరం ప్రాంతాన్ని చెబుతుంది. బి అంటే భేలూపుర్, డి అంటే దశాశ్వమేధ్, సి.కె. అంటే చౌక్, కె అంటే కోత్వాలి. విశ్వనాథుని ఆలయం చిరునామా సి.కె. తో మొదలవుతుంది. గీతకు ముందున్న అంకె ఆ ప్రాంతంలోని చిన్న భాగానికి, తర్వాతది ఇంటికి.

తెలుగువారికి బాగా తెలిసిన కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్, హనుమాన్ ఘాట్ చుట్టుపక్కల ఇళ్లు సాధారణంగా బి తో మొదలవుతాయి. కాబట్టి ఎవరైనా మీకు కేదార్ ఘాట్ పక్కనే అని చెప్పి, చిరునామాలో డి అనో సి.కె. అనో రాస్తే రెండింటిలో ఒకటి తప్పు కావచ్చు. మరో సంస్థ చిరునామా కలిసిపోయి ఉండవచ్చు, లేదా చెప్పేవారికే ఆ చోటు తెలియకపోవచ్చు. పిన్‌కోడు ఈ పని చేయదు. పాత నగరంలో చాలా భాగానికి 221001 ఒక్కటే. రెండు సత్రాల పిన్‌కోడు కలిసిందంటే అవి రెండూ ఒకటేనని అర్థం కాదు.

నా దృష్టిలో ఫోనులో అడగవలసిన మొదటి ప్రశ్న గది అద్దె గురించి కాదు. "మీ ఇంటి నంబరు చెప్పండి, సోనార్‌పురా దగ్గర ఆటో దిగాక ఎటు రావాలి?" అని అడగాలి. నిజంగా ఆ సత్రంలో కూర్చున్న మనిషి ఈ ప్రశ్నకు రోజూ జవాబు చెబుతూనే ఉంటాడు. ఫలానా మిఠాయి దుకాణం, ఫలానా గుడి, ఎడమవైపు సందు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. కొంచెం విసుగ్గానైనా చెబుతాడు. ఎక్కడో కూర్చుని కాశీ గదులు అమ్మేవాడు మాత్రం "లొకేషన్ పంపిస్తాను" అంటాడు. లొకేషన్ ఎవరైనా పంపగలరు, దారి చెప్పాలంటే అక్కడ ఉండాలి.

రెండో ప్రశ్న భోజనం గురించి. మధ్యాహ్న భోజనం ఎన్నింటికి, దానికి ముందుగా పేరు ఇవ్వాలా, రాత్రి ఫలహారం ఉంటుందా? నిత్యాన్నదానం జరిగే చోట ఇది గడియారంలా నడుస్తుంది. ఎన్ని గంటలలోపు పేరు ఇవ్వాలో, ఎన్ని గంటలకు వడ్డన మొదలవుతుందో కచ్చితంగా చెబుతారు. "ఎప్పుడైనా దొరుకుతుంది" అన్న జవాబు వస్తే అది సత్రం కాదు, పేరు సత్రంలా ఉన్న లాడ్జి అయి ఉండవచ్చు. లాడ్జిలో ఉండడం తప్పు కాదు. అయితే సత్రం అనుకుని వెళ్లకూడదు.

ఈ ప్రశ్నలతోనే మరో ముఖ్యమైన సంగతీ తేలుతుంది. కొన్ని సత్రాలు ఒక సామాజిక వర్గానికే పరిమితం. కొన్ని తెలుగువారందరికీ ఇస్తాయి. కొన్ని ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వవు. ఎక్కువచోట్ల రెండు మూడు రోజులకు మించి ఉండనివ్వరు, తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలనుకుంటే ముందుగా ఆ మాట చెప్పి ఒప్పించుకోవాలి. పేర్లు కలిసిన రెండు సత్రాల మధ్య ఈ నియమాలు పూర్తిగా వేరుగా ఉండవచ్చు. "మొన్న మా బావగారు తొమ్మిది రోజులు ఉన్నారు" అన్న మాట ఆయన ఉన్న కట్టడానికే వర్తిస్తుంది.

డబ్బు దగ్గర ఆగి చూడాలి

నిజమైన మోసాలూ ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం, యాత్రికులను లక్ష్యంగా చేసుకున్న నకిలీ బుకింగుల గురించి ప్రజలను హెచ్చరించింది. వాటిలో యాత్రాస్థలాల వసతిగృహాల పేరుతో జరిగేవి కూడా ఉన్నాయి. మా పక్కింటివారికి జరిగింది ఆ కోవలోదే. అంతర్జాలంలో ఒక సత్రం పేరు వెతికితే నంబరు దొరికింది. అవతలి మనిషి మర్యాదగా మాట్లాడి, శుభ్రమైన గదుల ఫొటోలు పంపి, మూడు రోజుల మొత్తం ముందే కట్టమన్నాడు. కట్టాక, తిరిగి ఇచ్చే డిపాజిట్ అంటూ ఇంకొంత అడిగాడు. అక్కడ వారికి అనుమానం వచ్చింది. అసలు సత్రానికి తెలిసినవారి ద్వారా కబురు చేస్తే, ముందుగా డబ్బు తీసుకునే పద్ధతే తమకు లేదని చెప్పారు.

ఈ మోసానికి మూలం మన సత్రాల స్వభావంలోనే ఉంది. పాత సత్రాలు చాలావాటికి వెబ్‌సైటు ఉండదు, ఉన్నా ఎన్నేళ్ల కిందటిదో అయి ఉంటుంది. ఒక ల్యాండు ఫోను, ఒక రిజిస్టరు, ఒక మేనేజరు, అంతే. ఆ ఖాళీలోకి ఎవరైనా చొరబడవచ్చు. మ్యాపులో ఒక చోటి ఫోను నంబరు మార్చమని ఎవరైనా సూచన పంపవచ్చు, సొంతదారు పట్టించుకోకపోతే అది నిలిచిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల తళతళలాడే వెబ్‌సైటును నమ్మకానికి గుర్తుగా తీసుకోవద్దని నేనంటాను. కాశీ సత్రాల విషయంలో అది చాలాసార్లు తిరగబడుతుంది.

డబ్బు పంపేటప్పుడు ఒక్క క్షణం ఆగితే చాలా తెలుస్తుంది. 2025 జూన్ ఆఖరు నుంచి, యూపీఐలో డబ్బు పంపేముందు అవతలివారి బ్యాంకు ఖాతాలో నమోదైన పేరే కనిపించాలన్న నియమం అమల్లో ఉంది. మనం ఫోనులో దాచుకున్న పేరు కాదు, అవతలివారు తమకు తాము పెట్టుకున్న పేరూ కాదు. అక్కడ ట్రస్టు పేరు కనిపిస్తే, దాన్ని ఫోనులో చెప్పిన పేరుతో అక్షరం అక్షరం పోల్చండి. పేరు చూడవలసిన చోటు ఇదే. ఆశ్రమం, సత్రం, సమితి అన్న చివరి మాట ఇక్కడ తేడాగా ఉంటే డబ్బు పంపకుండా మళ్లీ ఫోను చేయాలి.

ఇక్కడ నాకూ ఒక సందేహం ఉంది. చిన్న సత్రాల్లో మేనేజరు తన సొంత నంబరుకే డబ్బు వేయించుకుని, సాయంత్రం లెక్కలో జమ చేసే అలవాటు ఉంది. అలాంటివారిలో నిజాయితీపరులు ఎందరో ఉంటారు. వ్యక్తి పేరు కనిపించిందని మోసగాడనే ముద్ర వేయడం అన్యాయం. అలాగని చూసీ చూడనట్టు పంపేయమని కూడా చెప్పలేను. నాకు తోచిన మధ్యేమార్గం, వ్యక్తి ఖాతా అయితే ముందుగా ఏమీ పంపకుండా "వచ్చాక కౌంటరులో కట్టి రసీదు తీసుకుంటాం" అని చెప్పడం. నిజమైన సత్రం దీనికి సాధారణంగా ఒప్పుకుంటుంది. గది దొరకదేమోనన్న భయం మనకు ఉంటుంది, ఆ భయం మీదే మోసగాళ్లు బతుకుతారు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930 కు ఫోను చేయాలి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

రసీదు మీద కూడా సాధారణంగా ట్రస్టు పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఇంటి నంబరు ఉంటాయి. వెళ్లివచ్చినవారు ఫోను నంబరు కాకుండా ఈ రసీదు ఫొటో బంధువులకు పంపితే, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది. రసీదు మీద మీ ఆధార్ నంబరు గానీ, మరో సొంత వివరం గానీ ఉంటే దాన్ని చెరిపి పంపండి.

ఇన్ని ఆరాలు మర్యాదేనా?

మా పెదనాన్నగారికి నా ఈ వాదన నచ్చదు. "ఉచితంగా అన్నం పెట్టేవాళ్లను పోలీసులా ప్రశ్నించడమేమిటి? విశ్వనాథుడి మీద భారం వేసి వెళ్లేవాళ్లం" అంటారు. ఆయన వెళ్లిన రోజుల్లో రైలు దగ్గరికే తెలుగు తెలిసిన పండాలు వచ్చేవారట, ఏ ఊరు, ఎవరి వంశం అని అడిగి తామే తీసుకెళ్లేవారట. అంటే అప్పుడూ పేరును నమ్ముకుని వెళ్లలేదు, మనిషిని నమ్ముకుని వెళ్లారు. ఆ మనిషి ఇప్పుడు లేడు. అతని స్థానంలో ఎవరో పంపిన నంబరు ఉంది. అందుకే ఇంటి నంబరు అడగడం నాకు అమర్యాదగా తోచదు. అది అనుమానించడం కాదు, దారి అడగడం. ఏ సత్రం మేనేజరూ దారి అడిగినందుకు నొచ్చుకోడు.

పెదనాన్నగారి మాటలో ఒక న్యాయం మాత్రం ఉంది. ఈ శ్రమ అంతా యాత్రికుడి మీదే ఎందుకు పడాలి? డెబ్బై ఏళ్ల మనిషి బ్యాంకు పేరు పోల్చుకోవాలా? సత్రాల కమిటీలు చేయగలిగింది చాలా ఉంది, అదేమీ ఖర్చుతో కూడినది కాదు. గది చెప్పినవారికి ఇంటి నంబరు, దగ్గరి ఘాటు, ఆటో దిగవలసిన చోటు తెలుగులోనూ హిందీలోనూ రాసి ఒక సందేశం పంపవచ్చు. హిందీలో ఉంటే అది ఆటో అబ్బాయికి చూపించడానికి పనికొస్తుంది. గుమ్మం బోర్డు మీద పేరు ఎంత పెద్దగా రాస్తారో ఇంటి నంబరూ అంత పెద్దగా రాయించవచ్చు. పక్క సందులో తమ పేరుకు దగ్గరగా మరో సత్రం ఉందని వారికి అందరికన్నా బాగా తెలుసు. "మేము ఫలానావారం కాదు, వారు ఫలానా చోట ఉన్నారు" అని గుమ్మం దగ్గర ఒక కాగితం అతికిస్తే, రిజిస్టరులో పేరు లేని కుటుంబం రాగానే గుమస్తాకు ముందు పక్క సత్రానికి ఫోను చేయాలని తోస్తుంది.

గ్రూపులో ఆ ప్రశ్న అడిగిన మా వదినగారికి నేను పంపింది ఒక చిరునామా, ఒక ల్యాండు ఫోను నంబరు. కేదార్ ఘాట్ మెట్లు మామయ్యగారి మోకాళ్లకు కష్టమవుతాయేమో, సత్రంలో లిఫ్టు ఉందో లేదో కూడా కనుక్కోమని చెప్పాను. ఆవిడ ఫోను చేశారు. లిఫ్టు లేదట, కింది అంతస్తులో గది కావాలంటే వారం ముందు మళ్లీ గుర్తు చేయమన్నారట.